పెద్దవాళ్లు గది దాటాక: బహుమతి, శిక్ష, వివరణ పిల్లల్లో ఏం మిగులుస్తాయి

1965లో జోనథన్ ఫ్రీడ్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించాడు. ఏడు నుంచి తొమ్మిదేళ్ల మధ్య వయసున్న మగపిల్లల్ని ఒక్కొక్కరినీ ఒక గదిలోకి తీసుకొచ్చి అయిదు బొమ్మలు చూపించారు. వాటిలో నాలుగు పెద్దగా ఆశపెట్టేవి కావు. ఒకటి చవక ప్లాస్టిక్ సబ్‌మెరైన్, ఇంకొకటి బంతి లేని బేస్‌బాల్ గ్లవ్, అలాంటివే మరో రెండు. అయిదోది మాత్రం బ్యాటరీతో నడిచే ఖరీదైన రోబో. ఆ వయసు పిల్లాడి కళ్లు ఎటు పోతాయో చెప్పక్కర్లేదు.

"మిగతా వాటితో ఆడుకో, రోబోతో మాత్రం ఆడకు, అది తప్పు" అని పిల్లలందరికీ చెప్పారు. కొందరికి అంతటితో ఆపేశారు. ఇంకొందరికి మాత్రం "దాన్ని ముట్టుకుంటే నాకు చాలా కోపం వస్తుంది, ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది" అని కూడా గట్టిగా బెదిరించారు. ఆ తర్వాత పెద్దాయన బయటికి వెళ్లిపోయాడు. పిల్లాడు ఏం చేస్తున్నాడో అవతలి నుంచి రహస్యంగా చూశారు. రెండు గుంపుల్లోనూ దాదాపు ఎవరూ రోబో జోలికి పోలేదు. అక్కడితో లెక్క తేల్చేసి ఉంటే రెండు పద్ధతులూ ఒకటే అనుకునేవాళ్లం. గట్టిగా చెప్పినా మెల్లగా చెప్పినా పని అయిందిగా!

అసలు సంగతి కొన్ని వారాల తర్వాత బయటపడింది. ఈసారి వేరే మనిషి వచ్చింది, వేరే పని పెట్టింది. ఆ పిల్లలకు ఏదో బొమ్మలు గీసే పరీక్ష ఇచ్చి, దాన్ని దిద్దుతున్నట్టు కూర్చుని, "అక్కడ ఎవరో బొమ్మలు వదిలేసి వెళ్లారు, కావాలంటే ఆడుకో" అంది. అవే అయిదు బొమ్మలు. పాత హెచ్చరిక గురించి ఆమె ఒక్క మాటా ఎత్తలేదు. గట్టిగా బెదిరింపు విన్న పిల్లల్లో ప్రతి ముగ్గురిలో కనీసం ఇద్దరు నేరుగా రోబో దగ్గరికే వెళ్లారు. మెల్లగా చెప్పించుకున్న గుంపులో అలా వెళ్లినవాళ్లు ముగ్గురిలో ఒకరికి మించలేదు.

ఎందుకిలా జరిగింది? మొదటి రోజు ఆ గదిలో పిల్లాడు రోబో వైపు చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నప్పుడు, తను ఎందుకు ఆగాడో తనకు తాను చెప్పుకోవాలి. బెదిరింపు విన్నవాడికి ఆ జవాబు సిద్ధంగా ఉంది: "ముట్టుకుంటే ఆయన ఊరుకోడు, అందుకే ఆగాను." అది నిజమే. కానీ ఆ కారణం ఆ మనిషితో పాటే బయటికి వెళ్లిపోతుంది. ఆయన లేని చోట, ఆయన బెదిరింపు లేని రోజున, ఆగడానికి పిల్లాడి దగ్గర ఏమీ మిగల్లేదు. రెండో పిల్లాడికి అంత తేలికైన జవాబు దొరకలేదు. పెద్ద శిక్షేం లేదు, అయినా ముట్టుకోలేదు. అలాంటప్పుడు మిగిలే కారణం ఒక్కటే: "ముట్టుకోవడం తప్పు, నేను తప్పు చేయను." ఆ కారణం వాడితోనే ఇంటికి వెళ్లింది.

ఇందులో ఇంకో చిన్న ముక్క ఉంది, దాన్ని తరచూ వదిలేస్తుంటారు. మరికొందరు పిల్లలకు ఇవే మాటలు చెప్పి, పెద్దాయన గదిలోనే కూర్చున్నాడు. అలా కాపలా ఉన్నప్పుడు, తర్వాత మెల్లని మాటకూ గట్టి మాటకూ తేడా కనిపించలేదు. అంటే మాట మెత్తగా ఉండటంలో మహిమ ఏమీ లేదు. పిల్లాడు తనంతట తానే ఆగానని అనుకునే అవకాశం దొరికిందా లేదా అన్నదే తేల్చింది. ఎదురుగా పెద్దాయన కూర్చుంటే ఆ అవకాశం ఉండదు, ఆయన ఎంత మెల్లగా మాట్లాడినా సరే. ఇది పాత ప్రయోగం, పిల్లల సంఖ్య కూడా పెద్దది కాదు. దీని ఒక్కదాని మీద భవనం కట్టలేం. కానీ ఆ తర్వాత వేరే పద్ధతుల్లో, వేరే వయసుల్లో జరిగిన పరిశీలనలు కూడా ఈ దారిలోనే నడిచాయి.

1967లో మార్టిన్ హాఫ్‌మన్, హెర్బర్ట్ సాల్ట్‌జ్‌స్టీన్ అనే ఇద్దరు పరిశోధకులు ఏడో తరగతి పిల్లల్నీ వాళ్ల తల్లిదండ్రుల్నీ తీసుకుని, ఇంట్లో క్రమశిక్షణ ఎలా నడుస్తుందో అడిగి తెలుసుకున్నారు. పెద్దవాళ్లు చేసే వాటిని మూడు గుట్టలుగా విడదీశారు. మొదటిది బలం చూపించడం: కొట్టడం, అరవడం, వస్తువులు లాక్కోవడం. రెండోది ప్రేమ వెనక్కి తీసుకోవడం: మాట్లాడకపోవడం, మొహం తిప్పుకోవడం, "నువ్వంటే నాకిష్టం లేదు" అనడం. మూడోది, చేసిన పని వల్ల ఎదుటివాళ్లకు ఏమైందో చూపించి చెప్పడం. తల్లులు మూడోదాన్ని ఎక్కువగా వాడే ఇళ్లలో, ముఖ్యంగా మధ్యతరగతి కుటుంబాల్లో, పిల్లలు తప్పు చేస్తే తమంతట తాము బాధపడటం, ఒప్పుకోవడం, తోటివాళ్ల గురించి ఆలోచించడం ఎక్కువగా కనిపించింది. బలం చూపించే ఇళ్లలో అది తక్కువ. ప్రేమ వెనక్కి తీసుకోవడం వల్ల చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు.

మనకు బాగా తెలిసిన సామ, దాన, భేద, దండోపాయాలు గుర్తొస్తే తప్పు లేదు. ఇంట్లో పిల్లల మీద నాలుగూ రోజూ నడుస్తూనే ఉంటాయి. కాకపోతే ఆ నాలుగూ అవతలి రాజును లొంగదీసుకోవడానికి పుట్టిన ఉపాయాలు. లొంగదీసుకోవడమే లక్ష్యమైతే నాలుగూ పనికొస్తాయి, సందర్భాన్ని బట్టి దండమే ముందు పనికొస్తుంది. ఎలిజబెత్ గెర్‌షాఫ్ 2002లో 88 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది కూడా ఇదే: దెబ్బ పడితే ఆ క్షణానికి మాట వినడం పెరుగుతుంది, మంచిచెడులను సొంతం చేసుకోవడం తగ్గుతుంది. "కొడితేనే వింటాడు" అనే తల్లి అబద్ధం చెప్పడం లేదు. ఆమె చూసినది ఆ అయిదు నిమిషాలు, అంతే.

ఇక్కడ ఒక సంఘటన తీసుకుని నిదానంగా చూద్దాం. నాలుగేళ్ల చెల్లి అరగంట సేపు కూర్చుని బ్లాకులతో ఇల్లు కట్టింది. ఏడేళ్ల అన్న నేనూ కడతానన్నాడు. చెల్లి వద్దంది. వాడు ఒక్క తన్ను తన్నాడు, ఇల్లు కూలిపోయింది, చెల్లి గుక్కపట్టి ఏడుస్తోంది. అమ్మ వచ్చింది.

ఆమె "ఇంకోసారి ఇలా చేశావంటే వీపు విమానం మోత మోగుతుంది" అందనుకోండి. ఆ క్షణంలో పిల్లాడి మనసు ఎక్కడ ఉంటుంది? వీపు మీద. చెల్లి అక్కడే ఏడుస్తున్నా ఆమె వాడికి కనిపించదు, ఇప్పుడు ప్రమాదంలో ఉన్నది తాను కాబట్టి. ఈ సంఘటన నుంచి వాడు నేర్చుకునే పాఠం "అమ్మ పక్క గదిలో ఉన్నప్పుడు తన్నకూడదు" అని. పైగా వాడికి తన మీద జాలి కూడా మొదలవుతుంది: ముందు నన్ను ఆటలోకి రానివ్వనిది అది, తిట్లు నాకు.

"చెల్లిని ఏడిపించకుండా ఉంటే సాయంత్రం గంటసేపు ఫోన్ ఇస్తా" అందనుకోండి. ఇల్లు ప్రశాంతంగా అయిపోతుంది, అమ్మకు టెన్షన్ తగ్గుతుంది. కానీ చెల్లిని ఏడిపించకపోవడానికి ఇప్పుడొక రేటు పడింది. రేటు ఉన్నదాన్ని బేరమాడవచ్చు, ఆ రోజు ఫోన్ మీద మోజు లేకపోతే వదిలేయనూ వచ్చు.

"ఛీ, ఇలాంటి పిల్లాడు నాకు అక్కర్లేదు, నాతో మాట్లాడకు" అందనుకోండి. చాలా ఇళ్లలో దెబ్బ కంటే ఇది మేలనుకుంటారు, చేతికి పని లేదు కదా అని. నాకు మాత్రం ఇది దెబ్బ కంటే మెత్తనిది అనిపించదు. పిల్లాడి దృష్టి మళ్లీ చెల్లి మీద నుంచి పక్కకు పోయింది, అమ్మ మొహం మీదకు. ఇప్పుడు వాడి పని అమ్మను మళ్లీ తనవైపు తిప్పుకోవడం. ఆవి అసోర్, గై రోత్, ఎడ్వర్డ్ డెసీ 2004లో చూపించింది ఇదే: మాట వింటేనే ప్రేమ అన్న ఇళ్లలో పెరిగినవాళ్లు చెప్పినట్టు చేస్తారు, కానీ అది లోపలి నుంచి ఎవరో తరుముతున్నట్టుగా చేస్తారు, తల్లిదండ్రుల మీద కసి కూడా మిగుల్చుకుంటారు. బయటి పోలీసు లోపలికి వచ్చి కూర్చున్నాడు, అంతకు మించి మారిందేమీ లేదు.

నాలుగో దారి ఏమిటంటే, అమ్మ ముందు వాడి భుజం మీద చెయ్యి వేసి ఆపుతుంది. ఆ తర్వాత వాణ్ని చెల్లి వైపు తిప్పి, "చూడు, చెల్లి మొహం చూడు. అరగంట నుంచి కడుతోంది అది. నువ్వు తన్నావు, మొత్తం పోయింది. అందుకే అంత ఏడుస్తోంది" అంటుంది. ఇందులో మూడు ముక్కలున్నాయి. వాడు చేసిన పని, చెల్లికి కలిగిన బాధ, ఆ రెంటినీ కలిపే "అందుకే". ఏడేళ్ల పిల్లాడికి మూడోది మనం అనుకున్నంత తేలిగ్గా తట్టదు. చెల్లి ఏడుస్తోందని వాడికి తెలుసు, తను తన్నానని తెలుసు. రెంటికీ ముడి వేసుకోవడానికి మాత్రం ఒకరు సాయపడాలి. ముఖ్యంగా కోపంలో ఉన్నప్పుడు.

ఆ తర్వాత వాడి వైపు కూడా ఒక మాట: "నిన్ను ఆటలోకి రానివ్వలేదని కోపం వచ్చింది. కోపం రావడం తప్పు కాదు నాన్నా, తన్నడం తప్పు." ఇది బుజ్జగింపు కాదు. వాడి కోపాన్ని ఎవరూ గుర్తించకపోతే, వాడి మనసు మొత్తం ఆ అన్యాయాన్ని వాదించడానికే ఖర్చవుతుంది, చెప్పినది చెవికెక్కదు. చివరగా "ఇప్పుడు ఏం చేద్దాం?" అని అడిగి, కాసేపు ఆగుతుంది. "సారీ చెప్పు" అని బలవంతం చేస్తే గొణుగుతూ ఒక సారీ వస్తుంది, అది శిక్ష తప్పించుకునే టికెట్. మళ్లీ ఇల్లు కట్టడంలో సాయం చేస్తానని వాడే అంటే, కూలిపోయినదాన్ని సరిదిద్దవచ్చనే సంగతి వాడి చేతులకు తెలుస్తుంది. చెల్లి వద్దంటే బ్లాకులు ఏరి పెట్టేసి రావడమైనా చాలు.

ఇదంతా రెండు నిమిషాల పని. పదిహేను నిమిషాలైతే అది ఉపన్యాసం అవుతుంది. వివరణకు ఉన్న మొదటి జబ్బు ఇదే. నాలుగో వాక్యం దాటాక పిల్లాడు వినడం ఆపి, ఎప్పుడు వదులుతారా అని చూస్తుంటాడు. అప్పుడు ఆ వివరణ కూడా ఒక శిక్షే.

రెండో జబ్బు దీనికి ఎదురు దిక్కున ఉంటుంది: మరీ చప్పగా చెప్పడం. "ప్రశాంతంగా వివరించండి" అనే సలహా ఎక్కడ చూసినా కనిపిస్తుంది కదా. కానీ కరొలిన్ జాన్-వాక్స్‌లర్, మేరియన్ రాడ్కీ-యారో, రాబర్ట్ కింగ్ 1979లో ప్రచురించిన పరిశోధన దాన్ని ఒప్పుకోదు. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల పిల్లల తల్లులు, పిల్లలు ఎవరినైనా బాధపెట్టినప్పుడు ఏం జరిగిందో, తామేమన్నారో నెలల తరబడి నమోదు చేశారు. ఉద్వేగం లేకుండా పాఠం చదివినట్టు చెప్పిన వివరణలు పెద్దగా పనిచేయలేదు. "చూడు, వాడికి ఎంత నొప్పి వేసిందో! కొట్టకూడదు!" అని గొంతులో బాధ, పట్టుదల వినిపించేలా చెప్పిన తల్లుల పిల్లలు తాము చేసిన తప్పును సర్దడానికి ఎక్కువగా ముందుకొచ్చారు, ఇతరులు ఏడుస్తుంటే ఓదార్చడానికి కూడా. కారణం చెప్పకుండా ఊరికే "ఆపు!" అని గట్టిగా అనడం మాత్రం ఆ పని చేయలేదు.

హాఫ్‌మన్ చెప్పే లెక్క ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. పిల్లాడు ఆగి వినాలంటే కొంత ఒత్తిడి కావాలి, అది ఏమాత్రం లేకపోతే చెప్పినది గాలికి పోతుంది. ఒత్తిడి ఎక్కువైతే భయం మొదలై మనసు తన వైపు తిరుగుతుంది, చెప్పినది అప్పుడూ పోతుంది. వాణ్ని ఆపడానికి సరిపోయేంత ఉంటే చాలు. భయం అంత గట్టిగా లేనప్పుడు, చెప్పిన విషయం మాత్రం మనసులో ఉండిపోతుంది, అది ఎవరు చెప్పారో ఏ రోజు చెప్పారో కాలక్రమేణా మరుగున పడుతుంది. కొన్నేళ్లకు "ఎదుటివాడి కష్టాన్ని నాశనం చేయకూడదు" అనేది అమ్మ మాటగా కాకుండా తన ఆలోచనగా గుర్తొస్తుంది. ఫ్రీడ్‌మన్ పిల్లల్లో మెల్లని మాట ఎందుకు నిలిచిందో దీన్ని పక్కన పెట్టుకుని చూస్తే అర్థమవుతుంది.

మూడో జబ్బు గురించి తక్కువ మంది మాట్లాడతారు. కారణం చెప్పారు సరే, ఆ కారణం ఆ తప్పుకు అతకాలి. ఎలియట్ ట్యూరియల్, ఆయన తోటివాళ్లు చిన్నపిల్లల్ని చిత్రమైన ప్రశ్నలు అడిగారు. "టీచర్ పర్లేదు అంటే తోటివాణ్ని కొట్టొచ్చా?" అంటే నాలుగేళ్ల పిల్లలు కూడా ఎక్కువగా "కొట్టకూడదు, వాడికి నొప్పేస్తుంది" అన్నారు. "టీచర్ పర్లేదు అంటే యూనిఫాం లేకుండా రావచ్చా?" లాంటి వాటికి మాత్రం "రావచ్చు" అన్నారు. అంటే ఒకరిని బాధపెట్టడం వేరు, పదిమంది పెట్టుకున్న కట్టుబాటు వేరు అనే తేడా పిల్లలకు చాలా ముందే తెలుసు. మనమే ఆ రెంటినీ కలగలిపేస్తాం. బట్టలు కింద పడేస్తే "నీకు మనసు లేదా" అంటాం, తమ్ముణ్ని కొడితే "నలుగురు చూస్తే ఏమనుకుంటారు" అంటాం. రెండూ తలకిందులే. లారీ నూచీ అనే పరిశోధకుడు బడి పిల్లల్ని అడిగినప్పుడు, తప్పుకు తగిన కారణం చెప్పే టీచర్లకే వాళ్లు ఎక్కువ మార్కులు వేశారు. తమ్ముణ్ని కొట్టినప్పుడు పరువు గురించి చెప్తే, పిల్లాడు నేర్చుకునేది నలుగురు లేనప్పుడు కొట్టవచ్చని.

బహుమతుల సంగతికి వద్దాం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని నర్సరీ బడిలో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ చేసిన ప్రయోగం 1973లో వచ్చింది. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడం అప్పటికే ఇష్టమైన మూడు నుంచి అయిదేళ్ల పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి "బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు, బంగారు నక్షత్రం, రిబ్బన్ ఉన్న సర్టిఫికెట్. కొందరికి ముందు చెప్పకుండా చివర్లో ఇచ్చారు. మిగతావాళ్లకు ఏమీ లేదు. ఒకటి రెండు వారాలు పోయాక మామూలు ఆట సమయంలో ఎవరు ఎంత సేపు బొమ్మలు వేస్తున్నారో చూశారు. ముందే ఆశ పెట్టిన పిల్లలు దాదాపు 9 శాతం సమయం దానికి ఇచ్చారు, మిగతా రెండు గుంపుల పిల్లలు 17, 18 శాతం. అనుకోకుండా వచ్చిన బహుమతి ఏమీ చెడగొట్టలేదు. "ఇది చేస్తే అది" అనే ఒప్పందమే చెడగొట్టింది.

బొమ్మలు వేయడానికీ మంచితనానికీ పోలిక ఏమిటని అనిపించవచ్చు. ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో 2008లో ఇదే సంగతిని సాయం చేయడంలో చూశారు. పిల్లల వయసు 20 నెలలు. పెద్దాయన ఏదో కింద పడేసుకుని, అందుకోలేక చెయ్యి చాపుతుంటాడు. ఆ వయసు పిల్లలు ఎవరూ అడగకుండానే లేచి తీసిస్తారు. అలా తీసిచ్చిన ప్రతిసారీ ఒక గుంపుకు ఆడుకునే వస్తువు ఇచ్చారు, ఒక గుంపును మెచ్చుకున్నారు, ఒక గుంపును ఏమీ అనలేదు. ఆ తర్వాత బహుమతులు ఆపేస్తే, వస్తువుకు అలవాటు పడ్డ పిల్లల్లో సాయం తగ్గింది. మెచ్చుకోలు విన్నవాళ్లలోనూ, ఏమీ లేనివాళ్లలోనూ తగ్గలేదు. బుద్ధిగా ఉండటానికి తాయిలం పెట్టి అలవాటు చేస్తున్నామని మనం అనుకుంటున్న వయసుకు, పిల్లలు తాయిలం లేకుండానే సాయం చేస్తున్నారన్నమాట.

బహుమతి అన్ని చోట్లా చెడు చేస్తుందని మాత్రం ఇందులో లేదు. అసలు ఇష్టమే లేని పనికి, ఉదాహరణకు చేదు మందు మింగడానికి, ఏదో ఇస్తానంటే పోయేదేమీ లేదు. అక్కడ లోపలి ఇష్టం ఉంటే కదా పోవడానికి! ఇతరుల పట్ల నడుచుకునే తీరుకు వచ్చేసరికే బేరం ప్రమాదం.

మెచ్చుకోలులో కూడా ఏం మెచ్చుకుంటున్నామో చూడాలి. జోన్ గ్రూసెక్, ఎరికా రెడ్లర్ 1980లో, తాము గెలుచుకున్న గోళీలు కొన్ని ఇతర పిల్లలకు ఇచ్చేసిన పిల్లల్లో కొందరితో "మంచి పని చేశావు" అన్నారు, ఇంకొందరితో "నువ్వు సాయం చేసే మనిషివి" అన్నారు. ఎనిమిదేళ్ల వయసులో రెండో మాట విన్నవాళ్లు తర్వాత వేరే సందర్భాల్లోనూ ఎక్కువ ఇచ్చారు. తను ఎందుకిచ్చాడో చెప్పుకోవడానికి వాడికొక కారణం దొరికింది, అది తనలోనే ఉంది. అయిదేళ్ల పిల్లల్లో గానీ పదేళ్ల పిల్లల్లో గానీ ఆ తేడా కనిపించలేదు. ఎనిమిదేళ్లప్పుడు తానెలాంటివాడో పిల్లాడు గట్టిగా తేల్చుకుంటున్న సమయం కావచ్చు. ఈ మాటను ఊరికే పంచిపెడితే మాత్రం లాభం లేదు. వాడు నిజంగా ఏదో ఇచ్చిన రోజున అంటేనే దానికి అర్థం.

శిక్ష వల్ల వచ్చే నష్టాల్లో అన్నిటికంటే ముందు బయటపడేది అబద్ధం. విక్టోరియా తల్వార్, కాంగ్ లీ 2011లో పశ్చిమ ఆఫ్రికాలోని రెండు బడుల పిల్లల్ని పోల్చారు. ఒక బడిలో చిన్న తప్పుకూ దెబ్బ, రెండో బడిలో మందలింపుతో సరి. మూడు నాలుగేళ్ల పిల్లాణ్ని అటు తిప్పి కూర్చోబెట్టి, వెనక నుంచి వచ్చే శబ్దాన్ని బట్టి అది ఏ బొమ్మో చెప్పమంటారు. మధ్యలో "వెనక్కి చూడకు" అని చెప్పి పెద్దాయన బయటికి వెళ్తాడు. రెండు బడుల్లోనూ ఎక్కువ మంది తిరిగి చూశారు, ఆ వయసుకు అది మామూలే. "చూశావా?" అని అడిగినప్పుడు దెబ్బల బడి పిల్లల్లో దాదాపు అందరూ లేదన్నారు, రెండో బడిలో అలా అన్నవాళ్లు సగం పైచిలుకు. అంతకంటే గమనించాల్సింది ఇంకోటి. "మరి ఆ బొమ్మ ఏమిటి?" అని అడిగితే మామూలుగా అబద్ధమాడే పసిపిల్లలు గబుక్కున పేరు చెప్పి దొరికిపోతారు. దెబ్బల బడి పిల్లలు ఏమీ తెలియనట్టు నటించగలిగారు. చూడొద్దంటే చూడటం మానలేదు, దాచడం మాత్రం చక్కగా నేర్చుకున్నారు.

ఇంత చెప్పాక, వివరణ సర్వరోగనివారిణి అనుకుంటే పొరపాటు. హాఫ్‌మన్ చేసినటువంటి పరిశీలనల్లో ఏది ముందు, ఏది వెనక అనేది తేల్చడం కష్టం. చెప్తే వినే పిల్లాడికి చెప్పాలనిపిస్తుంది, రోజంతా అరిపించే పిల్లాడి మీద అరుస్తాం. పిల్లలు కూడా తల్లిదండ్రుల్ని తయారు చేస్తారు. ప్రయోగాలు, కాలక్రమంలో అనుసరించి చూసిన అధ్యయనాలు ఈ సందేహాన్ని కొంత తీర్చాయి, పూర్తిగా తీర్చలేదు.

గ్రజీనా కొహాన్‌స్కా అయోవా విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి చేసిన పనిలో ఇంకో చిక్కు బయటపడింది. భయస్తులైన పిల్లలకు మెత్తని క్రమశిక్షణ బాగా పనిచేసింది. చిన్న మందలింపే వాళ్లను ఆపి వినేలా చేస్తుంది, అంతకు మించితే చెడిపోతుంది. భయమంటే తెలియని పిల్లల్లో మెత్తగా చెప్పినా గట్టిగా చెప్పినా పెద్ద తేడా లేదు. వాళ్ల విషయంలో ఫలితం ఇచ్చింది తల్లితో ఉన్న అనుబంధం. తల్లి తన పిలుపుకు పలుకుతుంది, తనతో సరదాగా గడుపుతుంది అన్న నమ్మకం ఉంటే, ఆ పిల్లలు ఆమె మాటను తమ మాటగా తీసుకున్నారు. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లల మీద ఒకే పద్ధతి వేర్వేరుగా ఎందుకు పనిచేస్తుందో దీన్ని బట్టి కొంత తెలుస్తుంది. "పెద్దాడికి ఇలాగే చెప్పాం, విన్నాడు కదా" అనే వాదన రెండోవాడి దగ్గర చెల్లదు.

రెండు మూడేళ్ల పిల్లల విషయంలో ఇంకో పరిమితి ఉంది. రాబర్ట్ లార్జెలేర్ పరిశోధనలు చూపించేది ఏమిటంటే, ఉత్త వివరణ ఆ వయసులో తరచూ గాలికి పోతుంది. వినకపోతే ఆ బొమ్మను కాసేపు పక్కన పెట్టేయడం లాంటి చిన్నపాటి, దెబ్బలు లేని చర్య దాని వెనక ఉన్నప్పుడు, తర్వాత్తర్వాత వివరణ ఒక్కటే సరిపోయే స్థితికి వస్తుంది. ఇక రోడ్డు మీదకు పరిగెత్తే పిల్లాడి దగ్గర విలువలు పెంచే ప్రసక్తే లేదు, చెయ్యి పట్టి లాగడమే. అక్కడ మనకు కావాల్సింది విధేయతే, దానికి సిగ్గుపడాల్సిన పని కూడా లేదు.

మాట వినడానికీ, మాటను సొంతం చేసుకోవడానికీ మధ్య తేడాను ఇంట్లో ఎలా కనిపెట్టాలి? కొహాన్‌స్కా దీనికి రెండు మామూలు పనులే వాడింది. ఆట అయ్యాక బొమ్మలు సర్దించడం ఒకటి, అల్మారాలో ఉన్న ఆకర్షణీయమైన వస్తువులు ముట్టుకోవద్దనడం ఇంకొకటి. కొందరు పిల్లలు అమ్మ చెప్తూ ఉన్నంత సేపు సర్దుతారు, ఆమె ఫోన్ ఎత్తగానే ఆగిపోతారు. ఇంకొందరు ఒకసారి మొదలుపెడితే గుర్తు చేయనక్కర్లేకుండా పని ముగిస్తారు. వద్దన్న అల్మారా దగ్గరికి వెళ్లి, చెయ్యి చాపి, తల అడ్డంగా ఊపి, "వద్దు వద్దు" అని తమలో తాము అనుకుని వెనక్కి వచ్చే పిల్లలూ ఉన్నారు. పెద్దవాళ్లు లేనప్పుడు కూడా నియమం పాటించింది ఎక్కువగా ఇలా తమంతట తామే నడుచుకునే పిల్లలే. చిత్రంగా, ఇలా తమంతట తామే నడుచుకోవడం బొమ్మలు సర్దడంలో తక్కువగానూ, ముట్టుకోకుండా ఆగడంలో ఎక్కువగానూ కనిపించింది. ఆపుకోవడం కంటే విసుగు పని కొనసాగించడం చిన్నపిల్లలకు కష్టం. కాబట్టి గది సర్దనివాడికి విలువలు లేవని తేల్చేయడం తొందరపాటు.

కాస్త పెద్ద పిల్లల్లో చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. పగిలినదాన్ని దాచకుండా తెచ్చి చూపిస్తున్నాడా? తను ఎవరినైనా బాధపెడితే, మనం చెప్పకముందే ఏదో ఒకటి సర్దే ప్రయత్నం చేస్తున్నాడా? మనం ఎన్నడూ చెప్పని సందర్భంలో, మనం ఒకప్పుడు చెప్పిన కారణాన్ని వాడుతున్నాడా? ఈ చివరిది గుర్తుపట్టడం తేలిక, ఎందుకంటే అది చాలాసార్లు మన మీదకే వస్తుంది. ఫోన్లో ఎవరో పిలిస్తే "నేను ఇంట్లో లేనని చెప్పు" అంటాం. "అబద్ధం చెప్తే ఎదుటివాళ్లు మనల్ని ఎలా నమ్ముతారన్నావు కదా" అంటాడు తొమ్మిదేళ్లవాడు. భయంతో మాట వినే పిల్లాడు ఈ మాట అనడు, ఫోన్ తీసుకుని లేరని చెప్పేస్తాడు.